‘ఫుల్’ అంటే ఏ ఫుల్లో ముందు చెప్పండి!

బిట్ పేపర్లు తయారుచేసే పెద్దలకు కొంత, మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఎక్కువగా చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. బైనరీ ట్రీల మీద అడిగే బిట్లలో చాలావాటికి లెక్క రాకపోవడం వల్ల మార్కు పోవడం లేదు. ప్రశ్నలో ఉన్న మాటకు అర్థం ఏమిటో చెప్పకపోవడం వల్ల పోతోంది. ఇది మా అభిప్రాయం. ఎందుకో చూపిస్తాం, ఆపైన మీరే తేల్చండి.

ముందుగా ఒక ప్రశ్న. ఎత్తు 3 ఉన్న ఫుల్ బైనరీ ట్రీలో ఎన్ని నోడ్‌లు ఉంటాయి? డార్మిటరీలో ఈ ప్రశ్న పెడితే ఒకరు 7 అన్నారు, ఇంకొకరు 15 అన్నారు. గొడవ పెద్దదై రెండు పుస్తకాలు తెరిచారు. తీరా చూస్తే ఇద్దరి పుస్తకాలూ ఇద్దరినీ సమర్థించాయి! గైడులో ఉన్న సూత్రం ఒకటే కాబట్టి జవాబు కూడా ఒకటే ఉంటుందని మనం అనుకుంటాం. కానీ ఈ ప్రశ్నలో రెండు మాటలు రెండేసి అర్థాలతో ఉన్నాయి. ఒకటి ‘ఫుల్’, రెండోది ‘ఎత్తు’.

‘ఫుల్’ సంగతి చూద్దాం. మన కాలేజీల్లో ఏళ్ళ తరబడి చదివిన హోరోవిట్జ్, సాహ్నీల పుస్తకంలో ఫుల్ అంటే అన్ని లెవెళ్ళూ నిండిపోయిన ట్రీ. ఒక్క ఖాళీ కూడా ఉండదు. కార్మెన్ తదితరులు రాసిన అల్గారిథమ్స్ పుస్తకంలో ఫుల్ అంటే అది కాదు. ప్రతి నోడ్‌కూ పిల్లలు ఇద్దరైనా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు, ఒంటరి బిడ్డ మాత్రం పనికిరాదు, అంతే. లెవెళ్ళు నిండాలన్న నియమం అక్కడ లేదు. లిప్‌షుట్జ్ రాసిన షామ్స్ సిరీస్ పుస్తకం ఈ రెండో రకాన్ని 2-ట్రీ అంటుంది. ఇక ఇప్పుడు చాలామంది వాడే అలవాటు ప్రకారం, ఇద్దరు లేదా సున్నా అయితే ఫుల్, అన్ని లెవెళ్ళూ నిండితే పర్ఫెక్ట్, చివరి లెవెల్ తప్ప మిగతావన్నీ నిండి ఆ చివరిది ఎడమ నుంచి వరసగా నిండుతూ వస్తే కంప్లీట్. చిత్రం ఏమిటంటే కార్మెన్ పుస్తకంలో కంప్లీట్ అనే మాట అన్ని లెవెళ్ళూ నిండిన ట్రీకి వాడారు. హీప్ దగ్గరికి వచ్చేసరికి ‘దాదాపు కంప్లీట్’ అన్నారు. ఒకే మాటకు మూడు పుస్తకాల్లో మూడు కొలతలు. పల్లెల్లో మానిక, తవ్వ కొలతలు ఊరికో తీరుగా ఉన్నట్టే ఉంది ఇది కూడా.

‘ఎత్తు’ సంగతి ఇంకా సున్నితం. రూట్ నుంచి అట్టడుగు ఆకు దాకా ఉన్న గీతలు లెక్కపెడితే ఒక సంఖ్య వస్తుంది. దారిలో ఉన్న నోడ్‌లు లెక్కపెడితే అంతకంటే ఒకటి ఎక్కువ వస్తుంది. బస్సు మూడు ఊళ్ళ మీదుగా పోతే రెండు దూరాలే కదా, అలాగన్నమాట. కార్మెన్ పుస్తకం గీతలు లెక్కపెడుతుంది. లిప్‌షుట్జ్ నోడ్‌లు లెక్కపెడతారు. హోరోవిట్జ్, సాహ్నీ రూట్‌ను 1వ లెవెల్ అంటారు కాబట్టి వాళ్ళదీ నోడ్‌ల లెక్కే.

ఇప్పుడు ఆ ప్రశ్నకు తిరిగి వద్దాం. ఫుల్ అంటే అన్నీ నిండినది, ఎత్తు అంటే గీతలు అనుకుంటే 1 + 2 + 4 + 8, అంటే 15. అన్నీ నిండినదే కానీ ఎత్తు అంటే నోడ్‌లు అనుకుంటే 1 + 2 + 4, అంటే 7. ఇద్దరు లేదా సున్నా అనే అర్థం తీసుకుని గీతలు లెక్కపెడితే ఒక జవాబంటూ లేదు. 7 నుంచి 15 వరకు ఏ బేసి సంఖ్య అయినా కావచ్చు. అదే అర్థంలో నోడ్‌లు లెక్కపెడితే 5 కావచ్చు, 7 కావచ్చు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, నాలుగూ సరైనవే. మాకు తెలిసిన ఒక తమ్ముడు ఒక ప్రవేశ పరీక్షలో ఇలాంటి బిట్‌కే 15 పెట్టాడు. కీలో 7 అని వచ్చింది. అడిగితే “మా సిలబస్ పుస్తకంలో అలాగే ఉంది” అన్నారట. నెగెటివ్ మార్కుతో కలిపి అతని ర్యాంకు కిందికి జారింది. ఇంట్లో అక్కో అన్నో ఇంజనీరు అయినవాళ్ళకు ఏ పరీక్షకు ఏ పుస్తకం ప్రకారం పోవాలో ముందే చెప్పేవాళ్ళుంటారు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మాకు ఎవరు చెబుతారు? లైబ్రరీలో చేతికి ఏ పుస్తకం దొరికితే అదే మాకు ప్రమాణం.

ఇది తీర్చలేని సమస్యేమీ కాదు. 2007 గేట్ పేపరు చూడండి. ఎత్తు h ఉన్న బైనరీ ట్రీలో గరిష్ఠంగా ఎన్ని నోడ్‌లు ఉండవచ్చని అడిగారు. అడిగేముందు ఎత్తు అంటే రూట్ నుంచి ఆకు దాకా ఉండే దారుల్లో గరిష్ఠ గీతల సంఖ్య అని ఒక్క వాక్యం రాశారు. అంతే, ఇక వాదన లేదు. జవాబు `2^(h+1) - 1`. ఆ వాక్యం లేకపోతే `2^h - 1` కూడా అంతే న్యాయమైన జవాబు అయ్యేది, అది కూడా ఆప్షన్లలో ఉంది మరి. ఒక్క వాక్యం రాయడానికి పేపరు సెట్టర్లకు ఏం కష్టమో మాకు అర్థం కాదు. “నిర్ణీత పాఠ్యపుస్తకం చదివితే చాలు కదా” అని కొందరు మాస్టార్లు అంటారు. ఒకే యూనివర్సిటీ పరిధిలో జరిగే పరీక్షకు ఆ మాట చెల్లుతుంది. రాష్ట్రమంతా, దేశమంతా రాసే పరీక్షకు చెల్లదు.

సరే, వాళ్ళు మారేదాకా మనం ఏం చేయాలి? సూత్రాలు బట్టీ పట్టడం మానేసి, ట్రీని లెక్కపెట్టడం నేర్చుకోవాలి. లెక్కపెట్టగలిగినవాడు అర్థం మారినా జవాబు మార్చుకోగలడు. బట్టీ పట్టినవాడు ఇరుక్కుపోతాడు.

మన వార్షికోత్సవ ఆటల పోటీలనే తీసుకోండి. 11 కబడ్డీ జట్లు వచ్చాయనుకుందాం. ఓడిన జట్టు ఇంటికి పోవడమే. విజేత తేలడానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడించాలి? రౌండ్లు గీసుకుని లెక్కపెడితే మొదటి రౌండ్‌లో 5 మ్యాచ్‌లు, ఒక జట్టుకు బై. తర్వాత 6 జట్లకు 3 మ్యాచ్‌లు. మిగిలిన 3 జట్లలో ఒక మ్యాచ్, ఒక బై. చివరగా ఫైనల్. మొత్తం 5 + 3 + 1 + 1, అంటే 10. ఇంత గీసే పని లేదు. ప్రతి మ్యాచ్‌లో సరిగ్గా ఒక జట్టు ఇంటికి పోతుంది. చివరికి ఒక్క జట్టు మిగలాలంటే 10 జట్లు పోవాలి. కాబట్టి 10 మ్యాచ్‌లు. బై ఎవరికి ఇచ్చినా, డ్రా ఎంత అడ్డదిడ్డంగా గీసినా ఈ 10 మారదు.

ఈ డ్రా కాగితమే ఫుల్ బైనరీ ట్రీ, ఇద్దరు లేదా సున్నా అనే అర్థంలో. జట్లు ఆకులు. మ్యాచ్‌లు లోపలి నోడ్‌లు. కాబట్టి ఆకులు ఎప్పుడూ లోపలి నోడ్‌ల కంటే ఒకటి ఎక్కువ. లోపలివి i అయితే ఆకులు `i + 1`, మొత్తం `2i + 1`. మొత్తం ఎప్పుడూ బేసి సంఖ్యే అన్నమాట. “100 నోడ్‌లున్న ఫుల్ బైనరీ ట్రీ” అని ఎవరైనా అడిగితే అలాంటి చెట్టు లేదని ధైర్యంగా చెప్పవచ్చు. అన్నీ నిండిన అర్థంలో అయినా లేదు, ఎందుకంటే అప్పుడు మొత్తం 63 కావాలి, లేదా 127 కావాలి.

బై ఇచ్చిన చోట ఆ జట్టు పేరును పై గడిలో మళ్ళీ రాస్తాం చూడండి, అదే ఒంటరి బిడ్డ ఉన్న నోడ్. అక్కడ మ్యాచ్ జరగలేదు, ఎవరూ ఇంటికి పోలేదు. కాబట్టి అలాంటి నోడ్‌లు ఎన్ని ఉన్నా లెక్క చెడదు. ఏ బైనరీ ట్రీలోనైనా సరే ఆకుల సంఖ్య, ఇద్దరు పిల్లలున్న నోడ్‌ల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ. 2015 గేట్‌లో 20 ఆకులున్న ట్రీలో ఇద్దరు పిల్లలున్న నోడ్‌లు ఎన్ని అని అడిగారు. ట్రీ ఆకారం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పనవసరం లేదు కూడా. 20 జట్లు, 19 మ్యాచ్‌లు.

2010 గేట్‌లో వచ్చిన బిట్ మాకు ఇంకా నచ్చింది. ప్రతి నోడ్‌కూ, దాన్ని కూడా కలుపుకుని, వారసుల సంఖ్య బేసి అయితే, ఒంటరి బిడ్డ ఉన్న నోడ్‌లు ఎన్ని? ఒక నోడ్‌కు ఒకే బిడ్డ ఉందనుకోండి. ఆ బిడ్డ కింద, తనతో కలిపి, బేసి సంఖ్య ఉంది. దానికి పై నోడ్ ఒకటి కలిస్తే సరి సంఖ్య అవుతుంది. కుదరదు. కాబట్టి జవాబు 0. ఫుల్ అనే మాట వాడకుండా ఫుల్ ట్రీ గురించే అడిగారు. పేపరు అంటే ఇలా ఉండాలి. అర్థం గురించి తగవు లేదు, ఆలోచన మాత్రం కావాలి.

మ్యాచ్‌ల సంఖ్య మారకపోయినా రౌండ్ల సంఖ్య మాత్రం డ్రా గీసే పద్ధతిని బట్టి మారుతుంది. మన 11 జట్లకు 4 రౌండ్లు పట్టాయి. అంతకంటే తగ్గించలేం, 3 రౌండ్లలో 8 జట్లకే చోటు. పెంచాలంటే పెంచవచ్చు. గత ఏడాది విజేతను చివరి వరకు కూర్చోబెట్టి, మిగతా జట్లను ఒకదాని తర్వాత ఒకటి గెలిచినదానితో ఆడిస్తూ పోతే 10 రౌండ్లు అవుతాయి. ఫుల్ అన్నంత మాత్రాన ఎత్తు తెలియదు అనేది ఇందుకే. ఎత్తు h గీతలైతే నోడ్‌లు కనీసం `2h + 1`, గరిష్ఠంగా `2^(h+1) - 1`. గైడుల్లో ఈ రెండో సూత్రం ఒక్కటే ఇచ్చి పక్కన ‘ఫుల్’ అని రాసి వదిలేస్తారు.

కంప్లీట్ ట్రీ విషయం వేరు. నోడ్‌ల సంఖ్య చెబితే చాలు, ఆకారం మొత్తం ఒక్కటే వస్తుంది. 100 నోడ్‌లు తీసుకుందాం. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి 1, 2, 3 అని నంబర్లు వేస్తూ పోవాలి. 1, 2, 4, 8, 16, 32 కలిపితే 63, ఇంతవరకు ఆరు లెవెళ్ళు నిండాయి. మిగిలిన 37 ఏడో లెవెల్లో ఎడమ నుంచి కూర్చుంటాయి. గీతల లెక్కలో ఎత్తు 6, నోడ్‌ల లెక్కలో 7.

i నంబరు నోడ్‌కు పిల్లలు `2i`, `2i + 1`. తండ్రి `i/2`, శేషం వదిలెయ్యాలి. కాబట్టి 100కు తండ్రి 50. ఆ 50కి 100 ఒక్కడే బిడ్డ, 101 లేదు. 51 నుంచి 100 వరకు ఎవరికీ పిల్లలు లేరు, కాబట్టి ఆకులు 50. ఇద్దరు పిల్లలున్నవి 1 నుంచి 49 వరకు, అంటే 49. ఆకులు వీటికంటే ఒకటి ఎక్కువ కదా, కబడ్డీ లెక్క ఇక్కడా సరిపోయింది. లెవెళ్ళ ప్రకారం చూసినా అంతే. ఆరో లెవెల్లో 32 నుంచి 63 దాకా ఉన్నాయి. వాటిలో 50 దాకా ఉన్న 19 నోడ్‌లకు పిల్లలున్నారు, మిగతా 13 ఆకులు. అడుగున ఉన్న 37తో కలిపితే 50. రెండు దారుల్లో లెక్కపెట్టి ఒకే జవాబు వస్తే ఇక కీతో పని లేదు.

దీన్ని బట్టి ఒక సంగతి తెలుస్తుంది. 100 నోడ్‌ల కంప్లీట్ ట్రీ, ఇద్దరు లేదా సున్నా అనే అర్థంలో ఫుల్ కాదు. నోడ్‌లు సరి సంఖ్య అయితే ఒంటరి బిడ్డ ఉన్న నోడ్ తప్పకుండా ఒకటి ఉంటుంది, ఒకటే ఉంటుంది, దాని నంబరు మొత్తంలో సగం. బేసి అయితే అలాంటిది ఉండదు. “ప్రతి కంప్లీట్ ట్రీ ఫుల్ అవుతుంది, నిజమా, అబద్ధమా” అనే బిట్‌కు రెండు నోడ్‌ల బొమ్మ గీస్తే చాలు.

ఇక లాగరిథమ్ సూత్రం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. n నోడ్‌ల కంప్లీట్ ట్రీ ఎత్తు గీతల లెక్కలో `floor(log2 n)`. కొన్ని నోట్సుల్లో `ceil(log2 n)` అని, కొన్నింటిలో `ceil(log2(n+1))` అని కనిపిస్తుంది. ఏది సరైనదో తేల్చడానికి 7, 8 పెట్టి చూడండి. 7 నోడ్‌లతో మూడు లెవెళ్ళు సరిగ్గా నిండాయి, ఎత్తు 2. ఎనిమిదోది వచ్చేసరికి కొత్త లెవెల్ మొదలైంది, ఎత్తు 3. `floor(log2 n)` 2, 3 ఇస్తుంది, సరే. `ceil(log2 n)` రెండింటికీ 3 ఇస్తుంది, కాబట్టి అది ఏ లెక్కలోనూ సరిపోదు. `ceil(log2(n+1))` 3, 4 ఇస్తుంది, అంటే అది నోడ్‌ల లెక్కలో ఎత్తు. తప్పు సూత్రం కాదు, వేరే కొలత. చాలామంది 10, 20 లాంటి సంఖ్యలు పెట్టి సరిచూస్తారు. తేడా బయటపడేది లెవెల్ నిండే చోట, కొత్తది మొదలయ్యే చోట మాత్రమే.

లాగరిథమ్ అంటే భయపడేవాళ్ళు దాన్ని పక్కన పెట్టండి. 100ను సగం చేస్తూ పోండి. 50, 25, 12, 6, 3, 1. ఆరుసార్లు. అట్టడుగు నోడ్ నుంచి తండ్రి, తాత అంటూ రూట్ దాకా ఎక్కడమే ఇది. ప్రాక్టికల్స్‌లో అడిగితే ఇంతే రాయాలి.

```
int h = 0;
while (n > 1) {
    n = n / 2;
    h++;
}
```

ఈ లూప్ గీతల లెక్క ఇస్తుంది. `h = 0` బదులు `h = 1` అని మొదలుపెడితే నోడ్‌ల లెక్క వస్తుంది. పుస్తకాల తగవు మొత్తం ఆ ఒక్క అంకెలోనే ఉంది.

అర్రే విషయంలో ఇంకో మెలిక పెడతారు. పైన మేము నంబర్లు 1 నుంచి వేశాం. సి భాషలో అర్రే 0 నుంచి మొదలవుతుంది కాబట్టి పిల్లలు `2i + 1`, `2i + 2` అవుతారు, తండ్రి `(i - 1)/2`. 100 నోడ్‌లకు చివరి తండ్రి 50లో కాదు, 49లో ఉంటాడు. ప్రశ్నలో నంబర్లు ఎక్కడి నుంచి మొదలయ్యాయో చూడకుండా జవాబు పెట్టవద్దు. హీప్‌ను అర్రేలో పెట్టగలిగేది కంప్లీట్ ట్రీకి మధ్యలో ఖాళీలు లేకపోవడం వల్లనే. అదే ప్రతి నోడ్‌కూ కుడి బిడ్డ మాత్రమే ఉండే 10 నోడ్‌ల ట్రీని ఇలా పెడితే నంబర్లు 1, 3, 7, 15 అని పోయి చివరిది 1023 అవుతుంది. పది నోడ్‌లకు 1023 గడులు! అలాగే 100 సంఖ్యలను ఎక్కే వరసలో మామూలు బైనరీ సెర్చ్ ట్రీలో పెడితే ఎత్తు 6 రాదు, 99 వస్తుంది. కంప్లీట్ అన్న మాట ప్రశ్నలో లేనప్పుడు `floor(log2 n)` కనిష్ఠ ఎత్తు మాత్రమే.

వ్యాసరూప ప్రశ్నల్లో మనకు ఒక వెసులుబాటు ఉంది. జవాబు మొదటి వరసలోనే “ఇక్కడ ఎత్తు అంటే గీతల సంఖ్య, ఫుల్ అంటే ఇద్దరు లేదా సున్నా పిల్లలు” అని రాసేయండి. దిద్దే మాస్టారు వేరే పుస్తకం వాడు అయినా మార్కు కొట్టేయడానికి చెయ్యి రాదు. బిట్ పేపర్లో ఆ అవకాశం లేదు. అప్పుడు అదే పేపర్లో ఎత్తు గురించి ఇంకో ప్రశ్న ఉందేమో వెతకండి. రూట్ ఒక్కటే ఉన్న ట్రీ ఎత్తు 0 అన్నారా, 1 అన్నారా అనేది ఎక్కడో ఒక చోట బయటపడుతుంది. ఆప్షన్లలో 7, 15లలో ఒక్కటే ఉంటే అదీ ఒక ఆధారమే. రెండూ ఉండి, పేపర్లో ఎక్కడా ఆచూకీ లేకపోతే ఆ పరీక్ష సిలబస్‌లో పేరు పెట్టిన పుస్తకం ప్రకారం పోవాలి. ఏ పుస్తకం పేరూ పెట్టకపోతే ఆ బిట్ మీద అభ్యంతరం రాసి పంపాలి, గడువులోగా, పుస్తకం పేజీ జిరాక్సుతో సహా. ఒక్కరు పంపితే పట్టించుకోకపోవచ్చు. హాస్టల్ నుంచి ఇరవై మంది పంపితే చూడక తప్పదు.

ఈ ఏడాది నుంచి స్టడీ అవర్‌లో మేము పెట్టే మాక్ టెస్టులో ట్రీల బిట్లపైన ఆ ఒక్క వాక్యం అచ్చు వేస్తున్నాం. ఒక వారం గీతల లెక్క, మరో వారం నోడ్‌ల లెక్క. మొదటి రెండు వారాలు జూనియర్లు మమ్మల్ని బాగా తిట్టుకున్నారని విన్నాం. మూడో వారం నుంచి పై వాక్యం చదివాకే పెన్ను పడుతున్నారు.